నాన్న అరచెయ్యి బల్ల మీద ఆనటం లేదు, ఆపరేషన్ దాకా వెళ్లాలా?

చీపురుపల్లి_కుర్రోడు · ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మా నాన్నకి 62. ముప్పై అయిదేళ్లు తాపీ పని చేశాడు, విజయనగరం చుట్టుపక్కల ఎన్ని ఇళ్లకి ప్లాస్టరింగ్ చేశాడో ఆయనకే లెక్క లేదు. ఆరేడేళ్ల కిందట కుడి అరచేతిలో, ఉంగరపు వేలు మొదట్లో చిన్న గట్టి ముడి కనబడింది. తాపీ మేస్త్రి చేతికి కాయలు కాయక పూలు పూస్తాయా అని నవ్వుకుని వదిలేశాం. నొప్పి లేదు, వాపు లేదు.

తర్వాత ఆ ముడి నుంచి వేలు దాకా చర్మం కింద తాడులా ఒకటి లేచింది. ఇప్పుడు ఉంగరపు వేలు, చిటికెన వేలు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి. ముడవగలడు, తెరవలేడు. మొహం కడుక్కుంటే చిటికెన వేలు కంట్లో పొడుచుకుంటుంది. చొక్కా జేబులో చెయ్యి పెడితే బయటికి తియ్యడానికి తంటా. అన్నం కలిపితే మడతలో పప్పంతా ఇరుక్కుంటుంది. "తీర్థం పుచ్చుకోడానికి మాత్రం బాగుందిరా, చుక్క కారదు" అని ఆయనే నవ్వుతాడు.

ఇక్కడ ఒక ఎముకల డాక్టరుకి చూపిస్తే "నరం పట్టేసింది" అని మూడు నెలలు బలం బిళ్లలు రాసి, మైనం కాపడం పెట్టించారు. వేలు ఇంచు కదల్లేదు. ఇంకొకాయన చూడగానే ఆపరేషన్ అన్నారు. నాన్న భయపడుతున్నాడు. ఇది ఏటి? ఆపరేషన్ తప్పదా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

బొబ్బిలి_వీణ · ఆదివారం, రాత్రి 9.40

బ్రదర్, కంగారు వద్దు. మా పిన్నికి ఇదే. వేలు ముడిస్తే ఇరుక్కుపోయేది, బలంగా లాగితే టిక్కుమని తెరుచుకునేది. ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. అరచేతిలో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, రెండు వారాల్లో మామూలైపోయింది. కోతలూ కుట్లూ అక్కర్లేదు. రోజూ నువ్వులనూనె రాసి వెనక్కి సాగదీస్తూ ఉండండి, నరం వదులవుతుంది.

---

నాగావళి_గట్టు · ఆదివారం, రాత్రి 10.05

నేను టెక్కలి దగ్గర గ్రానైట్ క్వారీలో పద్దెనిమిదేళ్లు డ్రిల్లింగు మిషను పట్టాను. నాకు రెండు చేతులకీ ఇదే. మా వాళ్లంతా మిషను అదురుకే వచ్చిందంటారు. కంపెనీ ఒప్పుకోదు. నాకు బయట ఊళ్లో సూదితో చేశారు, తర్వాత వివరంగా రాస్తాను. నూనెలతో పోయేదైతే మా ఆవిడ రాసిన నూనెకి ఈపాటికి వేళ్లు వెనక్కి వంగాలి.

---

చేతి_ఫిజియో · సోమవారం, ఉదయం 7.20

చీపురుపల్లి బాబూ, నేను ఫిజియోథెరపిస్టుని. కొన్నేళ్లు విశాఖలో చేతి ఆపరేషన్ల తర్వాత వచ్చే పేషెంట్లనే చూశాను, ఇప్పుడు విజయనగరంలో ఉన్నాను. చెయ్యి చూడకుండా తేల్చి చెప్పను గానీ, మీరు రాసిన దాన్నిబట్టి ఇది డుప్యుట్రెన్ కాంట్రాక్చర్‌లా ఉంది.

ముందు ఆ "నరం" మాట పక్కన పెడదాం. మన భాషలో వచ్చిన చిక్కే అది. స్పర్శ మోసేదీ నరమే, రక్తం పారేదీ నరమే, వేలిని లాగే కండర తాడూ నరమే మనకి. నాన్నగారి చేతిలో పాడయింది ఈ మూడిట్లో ఏదీ కాదు. అరచేతి చర్మం అటూ ఇటూ జారకుండా దాని కింద విసనకర్రలా పరుచుకున్న గట్టి పొర ఒకటి ఉంటుంది. ఆ పొర మందమై ముడి కడుతుంది, ముడి సాగి తాడవుతుంది, తాడు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కురచనవుతూ వేలిని లోపలికి లాగేస్తుంది. వేలిని కదిపే తాడు దాని కింద బాగానే ఉంటుంది. అందుకే ఆయన పిడికిలి బిగించగలరు గానీ తెరవలేరు.

బొబ్బిలి గారి పిన్నిగారిది వేరే జబ్బు. దాంట్లో వేలు ఇరుక్కుని, టిక్కుమని తెరుచుకుంటుంది. రెండో చేత్తో లాగితే పూర్తిగా తిన్నగా వస్తుంది. ఇందులో ఎవరు లాగినా రాదు. ఆ ఇంజెక్షన్ ట్రిగ్గర్ ఫింగర్‌కి బాగా పనిచేస్తుంది. ఈ జబ్బులో తొలి రోజుల్లో ముడి నొప్పిగా ఉన్నవాళ్లకి అదే మందు ఇస్తే ముడి మెత్తబడొచ్చు, కానీ ముదిరిన తాడుని అది కరిగించదు.

ఇంట్లో ఒక పరీక్ష చేయండి. నాన్నగారిని మణికట్టు బాగా లోపలికి వంచమని చెప్పి, అలాగే ఉంచి వేలిని తెరిచి చూడండి. కురచబడింది వేలిని లాగే కండర తాడైతే, మణికట్టు వంచగానే దానికి వదులు దొరికి వేలు తెరుచుకుంటుంది. అరచేతి పొరైతే మణికట్టు ఎటు వంచినా వేలు అంతే ఉంటుంది.

---

పాత_మాస్టారు · సోమవారం, ఉదయం 8.02

ఫిజియో అమ్మాయి చెప్పినదానికి ఒక చిన్న పాత కథ. డుప్యుట్రెన్ పారిస్‌లో పెద్ద సర్జను. ఆయన కాలంలో కూడా అందరూ వేలిని లాగే తాడే కురచబడిందనుకునేవారు. ఈ జబ్బున్న ఒక ముసలాయన చనిపోతే ఆ చెయ్యి తెప్పించుకుని పొర పొరగా విప్పి చూశాడట. కండర తాళ్లు శుభ్రంగా ఉన్నాయి, పైనున్న పొర బిగుసుకుంది. దాన్ని తెంపగానే వేళ్లు తెరుచుకున్నాయి. ఆ తర్వాత 1831లో ఒక ద్రాక్షసారా వ్యాపారికి ఆపరేషన్ చేశాడు. మత్తుమందు ఇంకా రాని కాలం, ఆ వ్యాపారి ఎలా ఓర్చుకున్నాడో. మన దగ్గర ఇంకా "నరం పట్టేసింది" దగ్గరే ఉన్నాం.

---

చీపురుపల్లి_కుర్రోడు · సోమవారం, రాత్రి 8.31

మేడం, మణికట్టు వంచి చూశాం. వేలు ఇసుమంత కూడా కదల్లేదు.

ఇంకో సంగతి అడగడానికి మొహమాటంగా ఉంది. మా వీధిలో కొందరు చూసి "పెద్దరోగం" అంటున్నారు. అమ్మ ఏడుస్తోంది. పెళ్లిళ్లకి వెళ్తే నాన్న తువ్వాలు చేతి మీద వేసుకుని కూర్చుంటున్నాడు.

---

చేతి_ఫిజియో · సోమవారం, రాత్రి 9.15

అడగడమే మంచిదయింది. కుష్ఠులో కూడా ఆ రెండు వేళ్లే ముందు ముడుచుకుంటాయి, కాబట్టి పోలిక ఊరికే రాలేదు. కానీ ముడత తీరు వేరు. దాంట్లో మోచేతి దగ్గర నరం దెబ్బతిని, అరచేతికి వేలు అతుక్కునే పెద్ద కణుపు వెనక్కి విరుచుకుంటుంది, మధ్య కణుపు ముందుకి వంగుతుంది. గెద్ద గోరులా ఉంటుంది చెయ్యి. మొదట్లో రెండో చేత్తో సాగదీస్తే తిన్నగా వస్తుంది, అరచేతిలో తాడు ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, చిటికెన వేలు వైపు స్పర్శ పోతుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనున్న కండ వెనకవైపు గుంట పడుతుంది.

నాన్నగారిని కళ్లు మూసుకోమని, దూది పోచతో వేళ్ల కొసలు తాకుతూ ఎక్కడ తాకారో చెప్పమనండి. అన్ని చోట్లా సరిగ్గా చెబితే, కండ గుంట పడకపోతే, వంటి మీద స్పర్శ లేని మచ్చలు లేకపోతే, వీధివాళ్ల మాట పట్టించుకోకండి. తేడాగా ఉంటే మాత్రం మీ పీహెచ్‌సీకి వెళ్లండి. మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. దాచుకుంటేనే వేళ్లు పోయేది.

---

బొబ్బిలి_వీణ · సోమవారం, రాత్రి 9.50

ట్రిగ్గర్ ఫింగర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇది మందు తాగేవాళ్లకి వస్తుందని ఎక్కడో చదివాను. మేస్త్రి గారికి సాయంత్రం అలవాటుందా? మానేస్తే తగ్గుతుందేమో.

---

చీపురుపల్లి_కుర్రోడు · సోమవారం, రాత్రి 9.58

చుట్ట ఉంది. మందు జన్మలో ముట్టలేదండీ. మా తాతకి కూడా ముసలితనంలో వేలు ఇలాగే ఉండేదని ఇప్పుడు మేనత్త గుర్తు చేసింది.

---

చేతి_ఫిజియో · మంగళవారం, ఉదయం 7.05

మేనత్తగారి మాటే అసలు మాట. ఇది ఎక్కువగా వంశంలో నడుస్తుంది. ఉత్తర యూరప్ వాళ్లలో చాలా ఎక్కువ, మనలో తక్కువ. అందుకే ఇక్కడ చాలామంది డాక్టర్లకి చప్పున తట్టదు. మద్యం, పొగ, షుగరు, మూర్ఛకి వాడే కొన్ని మందులు తోడవుతాయి, నిజమే. అవి లేనివాళ్లకీ వస్తుంది. మానితే ఒంటికి మంచిది గానీ వంగిన వేలు దానివల్ల తెరుచుకోదు.

నాగావళి గారూ, అదిరే మిషన్లు ఏళ్ల తరబడి పట్టినవాళ్లలో ఎక్కువ కనబడుతుందని పరిశోధనలు ఉన్నాయి. కానీ మీ ఒక్కరి చేతిని చూపించి దీనివల్లే వచ్చిందని తేల్చడం కష్టం. తాపీ పనికి అంటగట్టడం ఇంకా కష్టం.

ఇక మీ అసలు ప్రశ్న. ముడి ఉందని ఎవరూ కోయరు. తాడు ఉందనీ కోయరు. ఏ కణుపు ఎంత వంగింది, దానివల్ల పని ఎంత ఆగింది, ఈ రెండే చూస్తారు. అరచెయ్యి బోర్లా బల్ల మీద పెట్టినప్పుడు వేళ్లతో సహా పూర్తిగా ఆనిందంటే ఆగొచ్చు. కింద సందు కనబడుతోందంటే సర్జనుని కలిసే వేళ అయింది, ఆ రోజే కోయించుకోమని కాదు.

తర్వాత కొలత. పిల్లల జామెట్రీ బాక్సులో కోణమానిని ఉంటుంది కదా, వేలు పక్కన పెట్టి చూడండి. తిన్నగా ఉంటే సున్నా. పెద్ద కణుపు, మధ్య కణుపు విడివిడిగా కొలవండి. పక్క నుంచి ఫోటో కూడా తియ్యండి.

---

చీపురుపల్లి_కుర్రోడు · మంగళవారం, రాత్రి 9.22

చెల్లి కొడుకు బాక్సుతో కొలిచాం. వాడు లెక్కల పరీక్షలా సీరియస్‌గా రాశాడు. ఉంగరపు వేలు పెద్ద కణుపు 45 డిగ్రీలు, మధ్య కణుపు తిన్నగానే ఉంది. చిటికెన వేలు పెద్ద కణుపు 20, మధ్య కణుపు 40. బల్ల మీద పెడితే కింద నుంచి టీ గ్లాసు మూత దూరిపోతోంది. దూది పోచ పరీక్షలో ఒక్కటీ తప్పలేదు. అమ్మ ఆ రాత్రి నిద్రపోయింది.

---

చేతి_ఫిజియో · బుధవారం, ఉదయం 6.50

మేనల్లుడికి నూటికి నూరు వేశాను.

ఉంగరపు వేలు చూడ్డానికి భయంకరంగా ఉంది కదా, నాకు దాని గురించి బెంగ లేదు. పెద్ద కణుపు 30 డిగ్రీలు దాటితే ఆపరేషన్ మాట ఎత్తుతారు, ఆయనది 45. కానీ ఆ కణుపు ఉదారమైనది. ఏడాది ఆలస్యమైనా తాడు తీస్తే దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది.

నా బెంగ చిటికెన వేలు మధ్య కణుపు. అది పగబట్టే రకం. నెలల తరబడి వంగి ఉంటే దాని చుట్టూ ఉన్న సొంత కట్లు కూడా కురచబడిపోతాయి. అప్పుడు సర్జను తాడంతా తీసేసినా కణుపు తెరవదు. అందుకే మధ్య కణుపు 20 డిగ్రీల దగ్గరికి వస్తుంటేనే చూపించుకోమంటాం. 60 దాటాక వచ్చినవాళ్లకి ఎంత మంచి చెయ్యి పడినా కొంత వంకర మిగులుతుంది. నాన్నగారిది 40. ఇంకో రెండేళ్లు నూనె రాస్తూ కూర్చునే కేసు కాదు.

సాగదీయడం, మైనం కాపడం, ఈ తాడు విషయంలో పనిచేస్తాయని రుజువు లేదు. ఫిజియోగా నా గిరాకీ నేనే పోగొట్టుకుంటున్నాను, ఏటి చేస్తాం.

---

నాగావళి_గట్టు · బుధవారం, మధ్యాహ్నం 1.30

నా సూది కథ. కుడి ఉంగరపు వేలు, పెద్ద కణుపు మాత్రమే వంగింది. అరచేతిలో తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, మామూలు సూది మొనతోనే చర్మం పైనుంచి తాడుని మూడు చోట్ల గీరి గీరి బలహీనం చేశారు. మధ్యమధ్యలో వేలి కొస తాకి "తెలుస్తోందా" అని అడుగుతూనే ఉన్నారు. తర్వాత వేలు పట్టుకుని వెనక్కి లాగితే టప్‌మని తాడు తెగిన చప్పుడు నాకే వినిపించింది. అరగంట పని. చిన్న పట్టీ వేసుకుని బస్సెక్కి వచ్చేశాను. వారంలో పనిలో ఉన్నాను.

రెండున్నరేళ్లకి మళ్లీ మొదలైంది. ఇప్పుడు మళ్లీ 35 దాకా వచ్చింది. మోసపోయానా?

---

చేతి_ఫిజియో · బుధవారం, రాత్రి 8.40

మోసం కాదు, ఆ పద్ధతి బేరమే అది. తాడు తెగుతుంది గానీ లోపలే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో రెండు పద్ధతులనీ పక్కపక్కన పెట్టి 5 ఏళ్లు చూశారు, 2012లో అచ్చయింది. సూదితో చేయించుకున్నవాళ్లలో 85 శాతం మందికి తిరిగొచ్చింది, కోసి తాడు తీసినవాళ్లలో 21 శాతం మందికి. అయినా సూది తర్వాత చెయ్యి తొందరగా కోలుకుంటుంది కాబట్టి, వయసు మీద పడ్డవాళ్లూ పెద్ద కణుపు మాత్రమే వంగినవాళ్లూ ఇప్పటికీ దాన్నే ఎంచుకుంటారు. మళ్లీ సూదితోనే చేయించుకోవచ్చు కూడా.

కుర్రోడు గారి నాన్నకి నేను సూది సలహా ఇవ్వను. చిటికెన వేలి మధ్య కణుపు దగ్గర స్పర్శ నరం తాడుకి మరీ దగ్గరగా ఉంటుంది, సూది గుడ్డిగా పోతుంది. కానీ చివరి మాట సర్జనుదే.

---

డాలస్_అల్లుడు · గురువారం, ఉదయం 5.10

ఇక్కడ అమెరికాలో తాడుని కరిగించే ఇంజెక్షన్ ఉంది. మా పక్కింటాయన చేయించుకున్నాడు. ఇండియాలో ఎందుకు అడగరు మీరంతా?

---

చేతి_ఫిజియో · గురువారం, ఉదయం 7.15

కొలాజినేజ్ గురించి చెబుతున్నారు. 2010లో అక్కడ అనుమతి వచ్చింది. 2020లో యూరప్ మార్కెట్ నుంచి కంపెనీయే వెనక్కి తీసుకుంది. మన దగ్గర ఎవరైనా రాసివ్వగా నేను చూడలేదు. దొరకని దాని కోసం మధ్య కణుపుని వెయిట్ చేయించకూడదు.

---

రిటైర్డ్_సిస్టర్ · గురువారం, మధ్యాహ్నం 3.20

నేను ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఏళ్లు పనిచేసిన నర్సుని, శ్రీకాకుళం. మేస్త్రి గారు దేనికి భయపడుతున్నారో నాకు తెలుసు. లోపల ఏం జరుగుతుందో చెబితే సగం భయం పోతుంది.

పూర్తి మత్తు అక్కర్లేదు. చంక దగ్గరో, భుజం ఎముక పైనో ఇంజెక్షన్ ఇస్తే చెయ్యంతా మొద్దుబారుతుంది. జబ్బకి పట్టీ కట్టి రక్తం ఆపుతారు, ఎందుకంటే ఈ పని నెత్తురులో తడుముకుంటూ చేసేది కాదు. సర్జను కళ్లకి భూతద్దాలు పెట్టుకుంటారు. కోత తిన్నగా వెయ్యరు, మెలికలు మెలికలుగా వేస్తారు. తిన్నగా కోస్తే ఆ మచ్చే రేపు బిగుసుకుని మళ్లీ వేలిని వంచేస్తుంది.

తాడు తెల్లగా, ముదురు మామిడి టెంక మీది పీచులా గట్టిగా ఉంటుంది. స్పర్శ నరం సేమ్యా పోచంత. మామూలుగా అది వేలికి పక్కన ఉండాలి. ఈ జబ్బులో తాడు చుట్టూ మెలిక తిరిగి, మధ్యకి జరిగి, చర్మానికి అతి దగ్గరగా వచ్చేస్తుంది. కత్తికి మొదట తగిలేది అదే. అందుకే మా సర్జను ముందు నరాన్ని వెతికి, దాని దారంతా కళ్లారా చూసుకున్నాకే తాడు మీద చెయ్యి వేసేవారు. గంట, గంటన్నర పడుతుంది. థియేటర్లో అప్పుడు ఎవ్వరూ మాట్లాడం.

నాకు బాగా గుర్తుండే క్షణం పట్టీ వదిలినప్పటిది. మిగతా వేళ్లన్నీ గులాబీ రంగుకి వచ్చేస్తాయి, తెరిచిన వేలు ఒక్కటి సుద్దముక్కలా తెల్లగా ఉండిపోతుంది. ఏళ్లుగా వంగి ఉన్న రక్తనాళాన్ని ఒక్కసారి సాగదీశాం కదా. వేలిని మళ్లీ కొంచెం వంచి, గోరువెచ్చని సెలైన్ గుడ్డ వేసి చూస్తూ ఉంటాం. చాలాసార్లు కొన్ని నిమిషాల్లో రంగు తిరుగుతుంది. రాకపోతే అప్పుడు రక్తనాళం సంగతి చూడాలి. అందుకే ఇది వేలి రక్తనాళాలు కుట్టగలిగే చోట, చేతి పని తెలిసిన ప్లాస్టిక్ సర్జను గానీ ఆర్థోపెడిక్ సర్జను గానీ చెయ్యాలి. "ఇంతకుముందు ఇలాంటివి చేశారా" అని అడగడానికి మొహమాటపడొద్దు. పథకంలో వస్తుందా లేదా అనేది ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ముందే కనుక్కోండి.

ఇంకోటి. ఒక్కోసారి అరచేతిలో అడ్డంగా ఉన్న కోతని కావాలనే కుట్టకుండా వదిలేస్తారు. వేలు తెరిచాక చర్మం చాలదు మరి. దానంతటదే మూడు నుంచి అయిదు వారాల్లో పూడుతుంది. కుట్లు వెయ్యడం మర్చిపోయారని వార్డులో గొడవ పెట్టుకున్న బంధువుల్ని నేనే సముదాయించాను.

---

జీడితోట_లక్ష్మి · గురువారం, సాయంత్రం 6.45

నాకు 54, పలాస, షుగరు పదేళ్లుగా. రెండు అరచేతుల్లో చిన్న ముడులున్నాయి, వేళ్లు వంగలేదు. ఇదంతా చదివి భయం పట్టుకుంది. ముందే తీయించేసుకోనా?

---

రిటైర్డ్_సిస్టర్ · గురువారం, సాయంత్రం 7.10

వద్దమ్మా. వేలు వంగకుండా ముడి కోయించుకుంటే మచ్చ మిగులుతుంది, జబ్బు మిగులుతుంది.

---

చేతి_ఫిజియో · గురువారం, రాత్రి 8.30

లక్ష్మి గారూ, షుగరు ఉన్నవాళ్లలో ముడులు వస్తాయి గానీ వేళ్లు పెద్దగా వంగకపోవడమే ఎక్కువ. ప్రతి నెలా ఒకటో తారీకున అరచెయ్యి బల్ల మీద ఆనించి చూసుకోండి, చాలు. ఒక సంగతి, నమస్కారం పెట్టినప్పుడు అన్ని వేళ్లూ బిగుసుకుని అరచేతులు కలవకపోతే అది షుగరువల్లే వచ్చే వేరే కీళ్ల బిగువు. దానికి వ్యాయామం పనిచేస్తుంది, అప్పుడు నా దగ్గరికి రండి.

---

చీపురుపల్లి_కుర్రోడు · పదకొండు వారాల తర్వాత, శనివారం, రాత్రి 9.05

అందరికీ చెప్పాలి కదా. విశాఖలో ప్లాస్టిక్ సర్జనుకి చూపించాం. ఆయన చెయ్యి పట్టుకుని మొదట కొలిచింది చిటికెన వేలు మధ్య కణుపే. మేడం, మీరు గుర్తొచ్చారు. మా లెక్కకీ ఆయన లెక్కకీ తేడా 5 డిగ్రీలు. చుట్ట మానితేనే తేదీ ఇస్తానన్నారు, పుండు మానడానికి అడ్డమట. నాన్న మూడు వారాలు మానాడు. అది ఆపరేషన్ కంటే కష్టం అయింది.

ఇవాళ్టికి ఆపరేషన్ అయి ఏడు వారాలు. సిస్టర్ గారు చెప్పినట్టే అరచేతి కోత తెరిచి వదిలేశారు. ముందే చదివి ఉండకపోతే నేనూ గొడవ పడేవాణ్ని. మొదటి వారం చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచమన్నారు, దూలానికి చీర కట్టి ఉయ్యాల్లా వేలాడదీశాం. అయిదో రోజు నుంచి కొంచెం కొంచెంగా వేళ్లు ముడవడం, తెరవడం చేయించారు. రెండు వారాలకి వేళ్ల మీది కుట్లు తీశారు. అరచెయ్యి పూడడానికి నాలుగు వారాలు పట్టింది.

ఉంగరపు వేలు తిన్నగా వచ్చేసింది. చిటికెన వేలు మధ్య కణుపు 15 దగ్గర ఆగిపోయింది, ఇంకా రావట్లేదు. అరచెయ్యి బల్ల మీద దాదాపు ఆనుతోంది. కంట్లో పొడుచుకోవడం లేదు.

రెండు బెంగలు. చిటికెన వేలు బయటి వైపు మొద్దుగా ఉంది. నరం తెగలేదు, సాగింది, వస్తుందన్నారు సర్జను. రెండోది, రాత్రి కట్టుకోమని ప్లాస్టిక్ చట్రం ఇచ్చారు, నాన్న నిద్రలో ఊడదీసి అవతల పారేస్తున్నాడు.

---

చేతి_ఫిజియో · ఆదివారం, ఉదయం 7.30

40 నుంచి 15కి వచ్చిందంటే బాగా చేశారు. ఆ 15లో ఎంత పోతుందో ఇప్పుడే చెప్పలేను, మూడు నెలలు ఆగి కొలుద్దాం.

మొద్దు గురించి: కోత మచ్చ దగ్గర మొదలుపెట్టి వేలి కొస వైపు మెల్లగా వేలితో తట్టుకుంటూ రండి. ఒక చోట జిల్లుమంటుంది. అక్కడ పెన్నుతో చుక్క పెట్టండి. నెల తర్వాత మళ్లీ తట్టండి. జిల్లు కొస వైపు జరిగిందంటే నరం పాకుతోందన్నమాట, రోజుకి ఒక మిల్లీమీటరు లెక్కన. నెలకి మూడు సెంటీమీటర్ల లోపే. అక్కడే ఉండిపోతే సర్జనుకి చూపించండి. అప్పటిదాకా టీ గ్లాసు ఆ వేలితో పట్టుకోనివ్వకండి, కాలినా తెలీదు.

రాత్రి చట్రం విషయంలో నాకూ మా పాత సర్జనుకీ ఎప్పుడూ వాదనే. అందరికీ కట్టినవాళ్లనీ, అవసరమైతేనే కట్టినవాళ్లనీ ఇంగ్లండులో పోల్చి చూస్తే పెద్ద తేడా కనబడలేదు. ఆయన మాత్రం ఆరు నెలలు కట్టించేవారు. మధ్య కణుపు మిగిలి ఉంది కాబట్టి మీ సర్జను ఇచ్చారేమో, ఆయన్ని అడక్కుండా మానొద్దు.

---

నాగావళి_గట్టు · ఆదివారం, ఉదయం 9.10

మేస్త్రి గారు మళ్లీ తాపీ పట్టారా?

---

చీపురుపల్లి_కుర్రోడు · ఆదివారం, రాత్రి 8.15

మూడు నెలలు బరువు పని వద్దన్నారన్నా. నిన్న పక్కింటి గోడకి పగులొస్తే కూర్చుని చెబుతూ నా చేత పూయించాడు. గోడ చూసి "నా ముడుచుకున్న చెయ్యే నయం" అన్నాడు.

ఇంకో కబురు. నిన్న బల్ల మీద ఎడమ చెయ్యి పెట్టమన్నాను. ఆనింది. కానీ ఉంగరపు వేలు మొదట్లో కందిగింజంత ముడి తగిలింది. అమ్మకి చెప్పలేదు. క్యాలెండరులో ఒకటో తారీకుల మీద పెన్నుతో సున్నాలు చుట్టి పెట్టాను.

---

నాగావళి_గట్టు · ఆదివారం, రాత్రి 8.40

ఆ సర్జను గారు ఏ రోజుల్లో ఉంటారో నాకు విడిగా మెసేజీ పెట్టు తమ్ముడూ. నాది 35 అని రాశాను గానీ ఇవాళ మా మనవరాలి బాక్సుతో కొలిస్తే 42 వచ్చింది. చిటికెన వేలు మధ్య కణుపు కూడా 10 చూపిస్తోంది, ఇన్నాళ్లూ దాన్ని చూడనేలేదు.